1,20,000 ప్యాకేజీ చవకా, 1,65,000 ప్యాకేజీ చవకా? పెళ్ళి ఫోటోగ్రఫీ కొటేషన్లు పోల్చడం గురించి

ప్రశ్న: మా చెల్లి పెళ్ళి మాఘమాసంలో, రాజమండ్రిలో. ముహూర్తం రాత్రి 2:48కి. హైదరాబాద్ స్టూడియో ఒకటి 1,20,000 చెప్పింది, కాకినాడ వాళ్ళు 1,65,000 చెప్పారు. రెండిట్లోనూ క్యాండిడ్, సినిమాటిక్, డ్రోన్, 2 ఆల్బమ్‌లు అనే ఉంది. కొటేషన్లు రెండూ, మా ప్రోగ్రామ్ టైమింగ్సూ కింద పెట్టాను. ఈ 45 వేలు తేడా దేనికి? ఏది బుక్ చేసుకోమంటారు?

సమాధానం:

రెండు కొటేషన్లూ మొత్తం చదివానండి. ముందు సూటిగా చెప్పేస్తా, మీ పెళ్ళికి 1,20,000 ది చవక కాదు. మీ ముహూర్తం, మీ ఊరు, మీకు కావల్సిన ఆల్బమ్ పెట్టి లెక్కేస్తే అది 2 లక్షలు దాటుతోంది, కాకినాడ వాళ్ళది 1,81,000 దగ్గర ఆగుతోంది, కాస్త మాట్లాడుకుంటే ఇంకో 6 వేలు తగ్గుతుంది కూడా. అలాగని ఇప్పుడే కాకినాడ వాళ్ళకి అడ్వాన్స్ వేసెయ్యకండి, ఎడిటింగ్ దగ్గర వాళ్ళ కాగితంలో ఒక తేలని మాట ఉంది, అది తేల్చుకున్నాకే.

నేను ఉభయ గోదావరి జిల్లాల్లో 14 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నా, వీడియో లైట్ పట్టుకునే కుర్రాడిగా మొదలుపెట్టి ఇప్పుడు సొంతంగా టీమ్ నడుపుతున్నా. మీ డేట్‌కి నాకు వేరే పెళ్ళి ఉంది కాబట్టి ఇందులో నా వ్యాపారం ఏం లేదు, నాకు ఎలా కనిపిస్తోందో అలా చెప్తున్నా.

తేడా మొదలయ్యేది గంటల దగ్గరే

హైదరాబాద్ కొటేషన్లో "వన్ డే కవరేజ్, 10 అవర్స్, 4 పర్సన్స్" అని రాశారు, కింద చిన్న అక్షరాల్లో "ఎక్స్‌ట్రా అవర్ 1,000 పర్ పర్సన్" అని ఉంది. పగటి ముహూర్తం పెళ్ళికైతే 10 గంటలు ఇంచుమించు సరిపోతాయి. మీది రాత్రి ముహూర్తం. మీరు పెట్టిన టైమింగ్స్ ప్రకారం పొద్దున 8 నుంచి 11 దాకా ఇంట్లో పెళ్ళికూతుర్ని చెయ్యడం, మంగళస్నానాలు. సాయంత్రం 6కి మండపం, 7 నుంచి రిసెప్షన్, ఆ తర్వాత ఎదురుకోలు, స్నాతకం, కాశీయాత్ర, 12:30 ప్రాంతంలో గౌరీపూజ, 2:48కి జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అరుంధతి దర్శనం అన్నీ అయ్యి అప్పగింతలు అయ్యేసరికి ఎంత తక్కువ వేసుకున్నా తెల్లారుజామున 5:30.

అంటే పొద్దున 3 గంటలు, సాయంత్రం నుంచి పదకొండున్నర, మొత్తం 14:30 గంటలు. మధ్యలో 11 నుంచి 6 దాకా ఉన్న ఖాళీని వాళ్ళు గంటల్లో కలపకపోతేనే ఈ లెక్క. కలిపితే మాత్రం పొద్దున 8కి మొదలైన 10 గంటలు సాయంత్రం 6కి అయిపోతాయి, అంటే పెళ్ళి మొదలవకముందే మీ ప్యాకేజీ అయిపోయినట్టు. అప్పుడు మిగతా పదకొండున్నర గంటలూ ఎక్స్‌ట్రానే, 12 గంటలు కింద వేసి 4 మనుషులకి 48,000 అడుగుతారు. ఖాళీ కలపకపోతే ఎక్స్‌ట్రా నాలుగున్నర గంటలు, దాన్ని 5 కింద వేస్తారు, 5 గంటలు 4 మనుషులకి 20,000. నేను కింద లెక్కలో ఈ 20,000 నే వేశా, వాళ్ళకి అనుకూలంగానే.

ఇంకోటి, చాలామంది గమనించనిది. "వన్ డే" అంటే ఏ రోజు? మనకి పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మారుతుంది, కాబట్టి శుభలేఖలో "గురువారం రాత్రి 2:48, తెల్లవారితే శుక్రవారం" అని వేసుకుంటాం. స్టూడియో వాళ్ళ క్యాలెండర్లో రాత్రి 12కే తేదీ మారిపోతుంది. డేట్ బుక్ చేసేటప్పుడు గురువారం తేదీ ఒక్కటే రాసుకుని, శుక్రవారం పొద్దున అదే కెమెరామెన్‌ని ఇంకో పెళ్ళికి పంపిస్తారు. ఇది కావాలని చేసే మోసం అనుకోకండి, మంచి ముహూర్తాలు ఉండేవే కొన్ని రోజులు, ఆ రోజుల్లో అందరికీ చేతినిండా పనే. కానీ దెబ్బ తగిలేది పెళ్ళివాళ్ళకి.

ఈ తప్పు నేనూ చేశా. ఆరేడేళ్ళ కిందట తణుకు వైపు ఒక పెళ్ళికి కొటేషన్లో "12 గంటలు" అని రాశా, సాయంత్రం 5 నుంచి తెల్లారి 5 దాకా. ముహూర్తం మూడు దాటాక, తంతు కొంచెం సాగింది. నా దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్ళకి ఏలూరులో పొద్దున 7కి వేరే పని ఉంది, 5కి వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పగింతలు మొదలయ్యేసరికి 5:50, నేనొక్కణ్ణే, చేతిలో ఒక్క కెమెరా. వీడియో తియ్యాలా ఫోటో తియ్యాలా అని వీడియోనే తీశా. నెల తర్వాత పెళ్ళికూతురు వాళ్ళ అమ్మగారు ఫోన్ చేసి, పళ్ళెంలో పాలల్లో చేతులు ముంచి వాళ్ళాయన అమ్మాయిని అప్పగించిన ఫోటో ఒక్కటి పంపమని అడిగారు. వీడియోలోంచి తీసిన మసక ఫ్రేమ్ తప్ప నా దగ్గర ఏం లేదు, అదే ఇచ్చా. ఆ తర్వాత నుంచి నేను కొటేషన్లో గంటలు రాయడం మానేశా, "అప్పగింతలు అయ్యేదాకా" అని రాస్తున్నా.

కాకినాడ వాళ్ళు ఈవెంట్ లెక్కన ఇచ్చారు, "మార్నింగ్ ఈవెంట్, 2 పర్సన్స్, రిసెప్షన్ + వెడ్డింగ్ టిల్ అప్పగింతలు, 4 పర్సన్స్" అని. రాత్రి ముహూర్తాలకి ఇదే పద్ధతి. లోటేంటంటే పొద్దున వచ్చే ఇద్దరూ నిలబెట్టి పోజులు తీసే ట్రెడిషనల్ వాళ్ళే, ఒకరు ఫోటో ఒకరు వీడియో, పోజుల్లేకుండా జరిగేది జరిగినట్టు తీసే క్యాండిడ్ మనిషి సాయంత్రమే వస్తాడు. మంగళస్నానాల్లో పసుపు, నీళ్ళు, పిల్లల గోల, ఇవన్నీ క్యాండిడ్‌లోనే బాగా వస్తాయి. పొద్దున్నే క్యాండిడ్ కావాలంటే 6,000 అని వాళ్ళే రాశారు, అది కలుపుకోవాల్సిందే.

ఇక్కడే డ్రోన్ గురించి. రెండిట్లోనూ డ్రోన్ ఉంది కదా అని సంతోషించాల్సిన పని లేదు, రాత్రి రెండు గంటలకి కప్పున్న కళ్యాణమండపంలో డ్రోన్ ఏం చేస్తుంది? ఎంట్రన్స్ లైటింగ్ పైనుంచి ఒక షాట్, అంతే. పైగా రాజమండ్రికి మధురపూడి ఎయిర్‌పోర్ట్ ఉంది, ఎయిర్‌పోర్ట్ దగ్గర్లో ఎగరెయ్యడానికి ఆంక్షలు ఉంటాయి, మీ మండపం ఏ జోన్‌లోకి వస్తుందో డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో చూడాలి. డ్రోన్ తీసేసి, దాని బదులు పొద్దున క్యాండిడ్ మనిషిని ఇమ్మని కాకినాడ వాళ్ళని అడగండి. నన్నెవరైనా అలా అడిగితే ఒప్పేసుకుంటా. నేను పైన తగ్గుతుందన్న 6 వేలు ఇదే.

ఆల్బమ్: షీట్లా, పేజీలా?

హైదరాబాద్ వాళ్ళది "2 ఆల్బమ్స్, 60 పేజెస్". కాకినాడ వాళ్ళది "2 ఆల్బమ్స్, 35 షీట్స్ ఈచ్". చదివితే 60 ఎక్కువ, 35 తక్కువ అనిపిస్తుంది. కానీ 12×36 ఆల్బమ్‌లో షీట్ అంటే తెరిచినప్పుడు ఎడమా కుడీ కలిపి కనిపించేది మొత్తం. ఒక షీట్‌కి రెండు పేజీలు. కాబట్టి 60 పేజీలంటే 30 షీట్లు. అక్కడ "ఈచ్" అని లేదు, మీరు ఫోన్ చేసి అడిగితే "టోటల్ సర్" అన్నారని మీరే రాశారు, అంటే ఒక్కో ఆల్బమ్‌కి 15 షీట్లు. కాకినాడ వాళ్ళవి ఒక్కోటి 35. సగం కన్నా తక్కువ.

15 షీట్లలో పెళ్ళి పడుతుందా అంటే పడుతుంది, ఎలాగంటే ఒక్కో షీట్‌లో పది పన్నెండు ఫోటోలు ఇరికించి. చూడ్డానికి బావుండాలంటే షీట్‌కి ఐదారు ఫోటోలే, కొన్ని ముఖ్యమైనవి షీట్ మొత్తం ఒక్కటే వెయ్యాలి. మన పెళ్ళిళ్ళలో గ్రూప్ ఫోటోలకే ఏడెనిమిది షీట్లు పోతాయి, అమ్మమ్మగారి వైపు, నానమ్మగారి వైపు, ఆఫీస్ వాళ్ళు, పాత ఇంటి పక్కవాళ్ళు, ఎవర్నీ తీసెయ్యలేం. నా అనుభవంలో మీలాంటి పెళ్ళికి ఆల్బమ్‌కి 30 షీట్లు కావాలి. అంటే హైదరాబాద్ వాళ్ళ దగ్గర ఒక్కో దానికి 15 చొప్పున మొత్తం 30 షీట్లు ఎక్స్‌ట్రా, వాళ్ళ రేటు 450, కలిపి 13,500.

ఇది పెళ్ళయ్యాక తెలిసే ఖర్చు, అదీ దీంతో ఇబ్బంది. అప్పటికి ఫోటోలు వాళ్ళ దగ్గరుంటాయి, ఆడపడుచు ఆల్బమ్ ఎప్పుడొస్తుందని అడుగుతూ ఉంటుంది, బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఎక్స్‌ట్రా షీట్ రేటు ముందే మాట్లాడుకోవాలి. రెండో ఆల్బమ్ కూడా అదే డిజైన్ అయితే డిజైన్ పని ఒక్కసారే కాబట్టి రెండో దానికి షీట్ రేటు తగ్గించమని అడగొచ్చు, నేనైతే తగ్గిస్తా.

మిగతా ఖర్చులు కలిపితే

హైదరాబాద్ వాళ్ళు "ట్రావెల్, స్టే క్లయింట్ స్కోప్" అని, అంటే ఆ ఖర్చులు మీవే, "జీఎస్టీ ఎక్స్‌ట్రా" అని రాశారు. పొద్దున 8కి రాజమండ్రిలో ఉండాలంటే వాళ్ళు ముందు రోజే బయల్దేరాలి. వెళ్ళిరావడానికి పెద్ద కారు, టోల్, డ్రైవర్ బత్తా కలిపి 16,000 అవుతుందనుకుందాం, 2 రూములు 2 రోజులకి 1,500 చొప్పున 6,000. మొత్తం 22,000.

ఇప్పుడు కలుపుదాం. ప్యాకేజీ 1,20,000, ఎక్స్‌ట్రా గంటలు 20,000, షీట్లు 13,500, ఇవి 1,53,500. దీని మీద 18 శాతం జీఎస్టీ 27,630 వేస్తే 1,81,130. ట్రావెల్, రూములు 22,000 కలిపితే 2,03,130.

కాకినాడ వాళ్ళది జీఎస్టీ, ట్రావెల్ లోపలే 1,65,000. పొద్దున క్యాండిడ్ 6,000, ఎడిట్ చెయ్యని మొత్తం వీడియో, అదే రా ఫుటేజ్, కావాలంటే 10,000 అని రాశారు, కలిపి 1,81,000. హైదరాబాద్ వాళ్ళు రా ఫుటేజ్ ఫ్రీ అన్నారు, అందుకే సమానంగా ఉండాలని ఇటు కూడా వేశా. ఆ 10,000 అవసరమా అంటే మీ ఇష్టం. నాలుగు కెమెరాలు రాత్రంతా తీసింది ఒక టీబీ దాకా పోతుంది, చాలా ఇళ్ళల్లో ఆ హార్డ్ డిస్క్ బీరువాలోంచి బయటికి రాదు. కానీ ఎడిటింగ్‌లో పోయిన పెద్దవాళ్ళ మాటలు, ఆశీర్వచనాలు అందులోనే ఉంటాయి కాబట్టి నేనైతే తీసుకోమనే చెప్తా.

దీని మీద ఒక చట్టం మాట కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోలకీ వీడియోకీ, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారులు తీయించుకున్నవాళ్ళే. అయితే హక్కు మీదే అన్నంత మాత్రాన రా ఫైల్స్ చేతికొచ్చేస్తాయని కాదు, ఏం ఇవ్వాలో కాగితంలో రాసుకోవాల్సిందే. అలాగే "ఫోటోలు మా పేజీలో వాడుకుంటాం" అనే లైన్ కొటేషన్లో ఉందేమో చూడండి, మీ చెల్లికి ఇష్టం లేకపోతే సంతకానికి ముందే కొట్టేయించండి.

ఎడిటింగ్: అసలు చూడాల్సింది రీల్స్ కాదు

కాకినాడ వాళ్ళ కాగితంలో తేలని మాట అన్నా కదా, అది "ఆల్ ఫోటోస్ ఎడిటెడ్". హైదరాబాద్ వాళ్ళది "500 ఎడిటెడ్ ఫోటోస్". నిజానికి ఆ 500 నే నాకు నమ్మకంగా అనిపించింది. రాత్రి పెళ్ళికి రెండు ఫోటో కెమెరాలు కలిపి ఐదారు వేల ఫోటోలు వస్తాయి. వాటన్నిట్నీ ఒక్కొక్కటి కూర్చుని ఎవరూ ఎడిట్ చెయ్యరు, చెయ్యలేరు. "అన్నీ ఎడిటెడ్" అంటే ఒకే సెట్టింగ్ మొత్తం ఫోల్డర్‌కి వేసి వదలడం, దాన్ని కలర్ కరెక్షన్ అనొచ్చు. ముఖం మీద చెమట మెరుపు తియ్యడం, వెనకాల వైర్లు చెరపడం, ఒంటి రంగు సరిచెయ్యడం వేరే పని, ఒక్కో ఫోటోకి ఐదు పది నిమిషాలు పడుతుంది. అందుకని వాళ్ళని "కలర్ కరెక్షన్ ఎన్నిటికి, రీటచ్ ఎన్నిటికి?" అని రెండు అంకెలు అడగండి. రీటచ్ 150, 200 అంటే మంచిదే. "అన్నిటికీ చేస్తాం సర్" అనే మళ్ళీ అంటే నాకు అనుమానమే.

రాత్రి పెళ్ళికి ఇది ఎందుకు అంత ముఖ్యమంటే, ఇప్పుడు డెకరేషన్ వాళ్ళు స్టేజ్ చుట్టూ ఊదా, గులాబీ రంగు లైట్లు పెడుతున్నారు, కళ్ళకి బానే ఉంటుంది, కెమెరాలో మాత్రం పెళ్ళికూతురి ముఖం సగం ఊదా రంగులో పడుతుంది. పైన మండపం లైట్ పసుపు, వెనకాల ఎల్ఈడీ స్క్రీన్ నీలం. ఒకే సెట్టింగ్‌తో అది పోదు, ఫోటో ఫోటోకీ సరిచెయ్యాలి. మీ డెకరేషన్ వాళ్ళతో మాట్లాడి జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా స్టేజ్ మీద రంగు లైట్లు ఆపించి మామూలు తెల్ల లైట్ ఉంచమనండి. రూపాయి ఖర్చు లేదు, ఎంత ఎడిటింగ్ చేసినా రాని తేడా దీంతో వస్తుంది.

స్టూడియో పని చూడాలంటే వాళ్ళు పంపే రీల్స్, టీజర్ చూసి తేల్చుకోకండి, 60 సెకన్ల రీల్‌కి 20 పెళ్ళిళ్ళలోంచి మంచి ముక్కలు ఏరుకుంటారు. రాత్రి ముహూర్తం పెళ్ళి ఒకటి, మొదటి నుంచి చివరిదాకా, మొత్తం ఫోల్డర్ చూపించమనండి. వాళ్ళ ఆఫీస్‌కి వెళ్ళి చూసినా చాలు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో తెర పక్కకి జరిగినప్పుడు ఇద్దరి ముఖాలూ, చేతులూ ఒకే ఫ్రేమ్‌లో దొరికాయా, ఫోకస్ ఉందా చూడండి. తలంబ్రాలప్పుడు అందరి ఒంటి రంగూ ఒకేలా ఉందా లేక ఒక ఫోటోలో పసుపు ఒక ఫోటోలో ఊదా ఉందా చూడండి. గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డ వాళ్ళ ముఖాలు జూమ్ చెయ్యండి. ట్రెడిషనల్ వీడియో ఒక పది నిమిషాలు సౌండ్ పెట్టి వినండి, మంత్రాలు, మాటలు వినబడుతున్నాయా లేక మొత్తం పాటలు వేసి కప్పేశారా అని. ఈ పరీక్షలో హైదరాబాద్ వాళ్ళు బాగా ఎక్కువ తేడాతో ముందుంటే, 22 వేలు ఎక్కువైనా వాళ్ళకే ఇవ్వమంటాను, తెలిసి పెట్టే ఖర్చు కాబట్టి.

కరెక్షన్ల సంగతి కూడా అడగండి. మా బాబాయి కూతురి పెళ్ళికి వేరే ఊరి స్టూడియో పెట్టుకున్నారు, ఆల్బమ్ డిజైన్‌లో రెండుసార్ల మార్పులు ఫ్రీ, మూడోసారికి 4,000 అడిగారు. మూడోసారి అడిగింది కొత్త మార్పు కాదు, రెండోసారి చెప్పిందే వాళ్ళు మర్చిపోయారు. వాళ్ళ పొరపాటుకి డబ్బు తీసుకోరని ముందే రాయించుకోవాలి. ఆల్బమ్ "60 రోజుల్లో" అంటే మీరు ఫోటోలు సెలెక్ట్ చేసి ఇచ్చిన రోజు నుంచి, పెళ్ళి రోజు నుంచి కాదు. మా దగ్గర లేటయ్యే ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం ఇంట్లో సెలెక్షన్ అవ్వక ఆగిపోయినవే, ఆ పని మీ ఇంట్లో ఒక్కళ్ళకే అప్పజెప్పండి.

ఇద్దరికీ ఒకటే మెసేజ్ వాట్సాప్‌లో పంపండి, ఫోన్‌లో కాదు, రాతలో జవాబు రావాలి:

"మా పెళ్ళి గురువారం పొద్దున 8 నుంచి శుక్రవారం తెల్లవారి అప్పగింతలు అయ్యేదాకా. పగలు 11 నుంచి సాయంత్రం 6 దాకా ఖాళీ, అది గంటల్లో కలపకూడదు. వచ్చే 4 మనుషులు ఎవరు, వాళ్ళకి శుక్రవారం పొద్దున వేరే పని ఉందా? ఆల్బమ్ ఒక్కోటి కనీసం 30 షీట్లు, పేజీలు కాదు. కలర్ కరెక్షన్ ఎన్ని, రీటచ్ ఎన్ని? రా ఫోటోలు, రా వీడియో మా హార్డ్ డిస్క్‌లో ఇవ్వాలి. ట్రావెల్, రూములు, జీఎస్టీ అన్నీ కలిపి ఒకే అంకె చెప్పండి."

వారాలు మీ తేదీకి తగ్గట్టు మార్చుకోండి. "మనుషులు ఎవరు" అనేది తప్పకుండా ఉంచండి, సీజన్లో ఒకే రోజు మూడు నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకుని బయట ఫ్రీలాన్సర్లని పంపడం మా ఫీల్డ్‌లో మామూలే, అది తప్పు కూడా కాదు, కానీ మీరు చూసి మెచ్చుకున్న ఫోల్డర్ తీసిన మనిషే మీ పెళ్ళికి వస్తున్నాడా లేదా మీకు తెలియాలి.

ఇద్దరి దగ్గర్నుంచీ జవాబులు వచ్చాక ఇక్కడే పెట్టండి, నేను చూసి చెప్తా. మాఘమాసం ముహూర్తాలకి మంచి క్యాండిడ్ వాళ్ళు తొందరగా బుక్ అయిపోతారు, ఈ వారంలోనే అడిగెయ్యండి.